ఇంకుడుగుంతకు తొమ్మిది గంటలు ఎందుకు పట్టింది?

సార్, మాది నెల్లూరు జిల్లాలో కండలేరు కాలువ పక్కన చిన్న పల్లె. చెన్నైలో సివిల్ ఇంజనీరింగ్ ఆరో సెమిస్టర్ చదువుతున్నాను. మా కాలేజీ ఏటా ఇద్దరిని ఒక సెమిస్టర్‌కి జర్మనీలోని డ్రెస్డెన్‌కి ఎక్స్చేంజ్ మీద పంపుతుంది. అక్టోబరులో వెళ్లడానికి నేనూ అప్లై చేస్తున్నా. మోటివేషన్ లెటర్ ఒక పేజీ దాటకూడదట. చదువు లక్ష్యాలు ఏమిటో, కొత్త సంస్కృతికి ఎలా సర్దుకుంటామో రాయాలట. పన్నెండు రోజులే టైముంది. రెండేళ్ల కిందట సెలెక్టయిన సీనియర్ ఒకతను తన లెటర్ ఇచ్చి, పేర్లు మార్చి పెట్టేయమన్నాడు. నాకు నీళ్ల సబ్జెక్టులంటే ఇష్టం. కానీ నాలుగో సెమిస్టర్లో హైడ్రాలిక్స్‌లోనే అరియర్ పడింది. నవంబరులో 71 మార్కులతో క్లియర్ చేశా. అది రాయాలా, దాచాలా? పెద్ద ప్రాజెక్టులేవీ చేయలేదు. నలుగురం కలిసి హాస్టల్ ఇంకుడుగుంత మీద మినీ ప్రాజెక్టు చేశాం, అంతే. అక్టోబరులో రెండు గంటల్లో ఇంకిన నీళ్లకి డిసెంబరులో తొమ్మిది గంటలు పట్టింది. పక్క బావి మట్టం కూడా రాసుకున్నాం కానీ కారణం తేలలేదు. ఇక సంస్కృతి గురించి ఏం రాయను? రెండున్నరేళ్లుగా చెన్నైలో ఉండి కూడా మా తెలుగు గ్యాంగ్‌తోనే తిరుగుతాను. తమిళం, హాస్టల్ వాచ్‌మన్ అన్నతో గుంత కొలతల గురించి మాట్లాడేంత వచ్చు, అంతే. నాన్న డబ్బు సర్దుతానంటున్నారు. ఆయన్ని నిరాశపరుస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, చెన్నై

అమ్మా,

నీ ఉత్తరంలో నువ్వు "అంతే" అన్న మాట రెండుసార్లు వాడావు. ఒకటి ఇంకుడుగుంత దగ్గర, రెండోది వాచ్‌మన్ అన్న దగ్గర. నీ లెటర్‌కి కావలసిన సరుకు సరిగ్గా ఆ రెండు చోట్లే ఉంది. నేను చెన్నైలో ఒక కాలేజీ విదేశీ వ్యవహారాల విభాగంలో పదకొండేళ్లు ఇలాంటి లెటర్లు చదివాను. గుంత ఎందుకు నెమ్మదించిందో తేలలేదని రాసిన వాళ్లు నాకు తగల్లేదు. చిన్నప్పటి నుంచి తమకు కొత్త సంస్కృతులంటే ఆసక్తి అని రాసినవాళ్లు మాత్రం ఏడాదికి ఇరవై మంది ఉండేవారు.

ముందుగా ఈ లెటర్ ఎవరు చదువుతారో చెప్తాను. ఎమ్మెస్‌కి రాసే ఎస్ఓపీ వేరు, ఇది వేరు. ఎమ్మెస్‌కి రాసేటప్పుడు ఒక డిపార్ట్‌మెంటు నిన్ను తన విద్యార్థిగా తీసుకోవాలా అని చూస్తుంది. ఇక్కడ నువ్వు ఆరు నెలలకి వెళ్లి వెనక్కి వచ్చే మనిషివి. మొదట చదివేది మీ కాలేజీ కోఆర్డినేటరు. ఆ తర్వాత అక్కడి ఎక్స్చేంజ్ ఆఫీసూ, డిపార్ట్‌మెంటులో ఒక ప్రొఫెసరూ చూస్తారు. వాళ్లకి కావలసింది మూడే. ఈ అమ్మాయి మా దగ్గర ఏ కోర్సులు చేస్తుంది? వాటి క్రెడిట్లు వాళ్ల కాలేజీలో చెల్లుతాయా? మధ్యలో చేతులెత్తేయకుండా పూర్తిచేసి వెళ్తుందా? జర్మనీలో స్థిరపడాలన్న కలో, అక్కడే పీహెచ్‌డీ చేయాలన్న ఆశో ఉంటే మనసులో ఉంచుకో. ఈ పేజీలో దానికి చోటు లేదు. వెనక్కి వచ్చాక ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టుకి ఇది ఎలా పనికొస్తుందో రాయి, అది వాళ్లకి అర్థమవుతుంది.

సీనియర్ లెటర్ సంగతి. అది పెట్టేస్తే ఏమవుతుందో ఆలోచించు. అతను సెలెక్టయ్యాడు కాబట్టి ఆ లెటర్ మీ కోఆర్డినేటరు ఫైల్లోనూ ఉంది, డ్రెస్డెన్ ఫైల్లోనూ ఉంది. ఇద్దరే వెళ్లే చోట ఒకే పేరా రెండేళ్ల తేడాతో మళ్లీ కనిపిస్తే గుర్తుపట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఒకసారి నా టేబుల్ మీదికి వచ్చిన పదకొండు లెటర్లలో నాలుగు ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఆ నలుగురిలో ఎవరు ముందు రాశారో నాకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నలుగురినీ పక్కన పెట్టాను. ఒకవేళ ఎవరూ పట్టుకోకపోయినా, ఇంటర్వ్యూలో అతని లక్ష్యాల గురించి నిన్ను అడుగుతారు. కాబట్టి అతని లెటర్లో పేరాల వరస చూడు, ఎంత పొడవుందో చూడు. వాక్యాల జోలికి మాత్రం పోకు.

ఇప్పుడు అసలు విషయం, నీ గుంత.

రెండు గంటలు తొమ్మిది గంటలవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, డాబా మీది నుంచి వచ్చిన దుమ్ము, ఆకుల చెత్త, సన్నటి మట్టి గుంతలోని ఇసుక పై పొరలో పేరుకుని రంధ్రాలు మూసుకుపోవడం. రెండోది, ఈశాన్య రుతుపవనాల వానలకి భూమిలో నీటిమట్టమే పైకి రావడం. అప్పుడు గుంత బాగానే ఉన్నా నీళ్లు పోవడానికి కింద చోటుండదు. మీరు బావి మట్టం రాసుకున్నారు కాబట్టి ఈ రెండో అనుమానం మీకు ఏదో ఒక మూల వచ్చే ఉంటుంది. రెండింటినీ విడదీయలేక ఆగిపోయారు. ఆగిపోయిన చోటే నీ చదువు లక్ష్యం ఉంది. దీన్ని వదిలేసి "సుస్థిర జల నిర్వహణలో నైపుణ్యం సాధించడం" లాంటి మాట రాస్తే, అది ఏ కాలేజీకి పంపినా సరిపోతుంది. అన్నిచోట్లా సరిపోయే మాట డ్రెస్డెన్ వాళ్లకి ఏమీ చెప్పదు.

డ్రెస్డెన్‌కీ నీ గుంతకీ సంబంధం ఉంది, అది తెచ్చిపెట్టుకున్నది కాదు. ఆ ఊరు ఎల్బ నది ఒడ్డున ఉంది. నదిలోంచి నేరుగా తోడకుండా, ఒడ్డున బావులు తవ్వి, ఇసుక, గులకరాళ్ల పొరల్లోంచి ఊరి వచ్చిన నీటిని తాగునీటికి తీసుకునే పద్ధతి అక్కడ 19వ శతాబ్దం నుంచీ ఉంది. సలోప్పె అనే నీటి కేంద్రం 1875లో మొదలైంది. ఇంగ్లీషులో దీన్ని బ్యాంక్ ఫిల్ట్రేషన్ అంటారు. 1980లలో కాగితం గుజ్జు మిల్లుల వ్యర్థాలు ఎల్బలో కలిసి, నది అడుగున జిగురు పట్టి, బావుల్లోకి ఊట తగ్గిపోయింది. అంటే మీ హాస్టల్ వెనకాల గుంతలో జరిగిందని నువ్వు అనుమానిస్తున్నదే అక్కడ ఒక పెద్ద నది అడుగున జరిగింది. ఆ ఊరి నీటి ఇంజనీర్లకి ఈ పూడిక సంగతి బాగా తెలుసు. వేరే దేశమో, అదే దేశంలో వేరే ఊరో కాకుండా అక్కడికే ఎందుకు అని అడిగితే నీకు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

పన్నెండు రోజులున్నాయి కదా, ఒక పని చెయ్యి. ఇప్పుడు ఫిబ్రవరి. వానలు ఆగి చాలా రోజులైంది, బావి మట్టం డిసెంబరు కంటే కిందికి వెళ్లి ఉండాలి, ముందు అది కొలువు. తర్వాత గుంతని డిసెంబరులో నింపిన గుర్తు దాకానే నింపు. ఎండిన ఇసుక మొదటిసారి గబగబా తాగేస్తుంది, ఆ అంకె నమ్మకు. ఒకసారి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ నింపి, రెండోసారి టైము చూడు. ఇసుకని ముట్టుకోకుండానే మళ్లీ రెండు మూడు గంటల్లో ఇంకిపోతే డిసెంబరులో అడ్డుపడింది నీటిమట్టం. ఇప్పుడు కూడా ఎనిమిది, తొమ్మిది గంటలు పడితే అది పూడిక. అప్పుడు పైన బెత్తెడు మందం ఇసుక తీసేసి, కడిగిన ఇసుక వేసి, మళ్లీ చూడు. ఇసుక మార్చకముందే అంకె ఐదు గంటల దగ్గర ఆగితే రెండూ కొంత కొంత కారణమని అర్థం. ఆ సంగతే అలాగే రాయొచ్చు, తప్పేం లేదు. వార్డెన్‌ని అడగాలి, నీళ్లకి ఖర్చవుతుంది, ఇద్దరు స్నేహితులు కావాలి. ఇవేవీ కుదరకపోతే ఇప్పటికున్న రెండు అంకెలూ, రెండు అనుమానాలూ చెప్పి, తేల్చుకోలేకపోయామని రాసినా సరే. పరీక్ష చేసి రాస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి పది నిమిషాల సరుకుంటుంది. చేయకుండా రాస్తే "మరి ఎలా తేలుస్తావు?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి.

లెటర్ ఇంగ్లీషులో రాస్తావు. చదువు పేరా ఇంచుమించు ఇలా ఉండొచ్చు, నేను తెలుగులో చెప్తున్నాను: "మా హాస్టల్ ఇంకుడుగుంతలో అక్టోబరులో రెండు గంటల్లో ఇంకిన నీటికి డిసెంబరులో తొమ్మిది గంటలు పట్టింది. పై పొర పూడిందా, భూగర్భ నీటిమట్టం పెరిగిందా అన్నది మేము విడదీయలేకపోయాం. విడదీయడానికి కావలసిన భూగర్భ జల ప్రవాహపు లెక్కలు నా బీఈ సిలబస్‌లో ఒక యూనిట్‌కే పరిమితం. డ్రెస్డెన్‌లో ఈ ఫలానా రెండు కోర్సులు వాటిని పూర్తిగా చెప్తాయి. తిరిగి వచ్చాక చెన్నైలోని మూడు హాస్టళ్ల గుంతల మీద ఇదే కొలతతో నా చివరి సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తాను." ఐదు వాక్యాలు. నా మాటలు దించేయకు, అదీ సీనియర్ లెటర్ లాంటిదే అవుతుంది.

కాలువ గురించి ఒక వాక్యం చాలు. 1983 తెలుగుగంగ ఒప్పందంతో మొదలై, 1996లో మొదటిసారి కృష్ణా నీళ్లు కండలేరు దాటి చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరిన కథ నీకు ఇంట్లోనే తెలిసి ఉంటుంది. మీ పల్లె పక్కన పారిన నీళ్లే ఇక్కడ హాస్టల్ కుళాయిలోకీ వస్తుండొచ్చు. బావుంది, మొదటి వాక్యంగా పనికొస్తుంది. అక్కడి నుంచి నాన్నగారి పొలం, తాతగారి కష్టం అంటూ సాగదీస్తే పేజీలో సగం పోతుంది, గుంతకి చోటు మిగలదు.

"ఈ ఫలానా రెండు కోర్సులు" అన్నాను కదా, చాలామంది బోర్లా పడేది అక్కడే. జర్మనీలో చాలా కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెప్తారు, కొన్ని చలికాలపు సెమిస్టర్‌లో, కొన్ని వేసవిలో. కేటలాగ్‌లో WiSe అని ఉంటే అక్టోబరులో మొదలయ్యేది, SoSe అని ఉంటే ఏప్రిల్‌లోది. అద్భుతమైన కోర్సు పేరు చూసి, దాని చుట్టూ లెటరంతా అల్లి, అది SoSe అని గమనించని వాళ్లు నాకు ఏటా ఒకరైనా తగిలేవారు. అక్కడి ప్రొఫెసరుకి ఆ ఒక్క తప్పుతో ఈ అమ్మాయి కేటలాగ్ తెరవలేదని తెలిసిపోతుంది. రెండో చిక్కు, ఇంగ్లీషులో చెప్పే నీటి కోర్సులు ఎక్కువగా మాస్టర్స్ స్థాయివి, బ్యాచిలర్స్‌లో ఎక్కువ జర్మన్‌లోనే సాగుతాయి. బ్యాచిలర్స్ ఎక్స్చేంజ్ విద్యార్థిని మాస్టర్స్ కోర్సుకి రానిస్తారా అన్నది లెటర్ రాసేముందే మీ కోఆర్డినేటరు చేత అడిగించు. కుదరదంటే నీ లక్ష్యాన్ని వాళ్లిచ్చే కోర్సులకి తగ్గట్టు కుదించుకోవాలి, లేదా ప్రయోగశాల పని ఉన్న చిన్న ప్రాజెక్టు ఏదైనా ఉందేమో అడగాలి.

ఒక పూర్తి సెమిస్టర్ అంటే అక్కడ 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే ఇంచుమించు 30 గంటల పని, క్లాసూ ఇంటి చదువూ కలిపి. వాటిలో మీ ఏడో సెమిస్టర్ సబ్జెక్టులకి బదులుగా ఏవి చెల్లుతాయో లర్నింగ్ అగ్రిమెంట్ అనే కాగితం మీద మీ హెచ్ఓడీ సంతకం పెట్టాలి. చెల్లని కోర్సు ఎంత గొప్పగా చేసినా, ఇక్కడికొచ్చాక ఆ సబ్జెక్టు మళ్లీ రాయాలి. క్యాలెండర్ కూడా కలవదు. మీ ఏడో సెమిస్టర్ జూలైలో మొదలై నవంబరుకి అయిపోతుంది. అక్కడ క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదటి వారం దాకా సాగుతాయి, తర్వాత పరీక్షలు. నువ్వొచ్చేసరికి ఇక్కడ ఎనిమిదో సెమిస్టర్ సగానికొస్తుంది, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు చాలావరకు అయిపోతాయి. నాన్నగారితో మాట్లాడాల్సింది దీని గురించే. డబ్బు సర్దుతానంటున్న ఆయనకి ప్లేస్‌మెంట్ సీజన్ పోతుందన్న విషయం తెలుసా? తెలిసీ సరే అంటే సంతోషం. తెలియకుండా ఒప్పుకుని మార్చిలో తెలిస్తే అప్పటి నిరాశని ఏ లెటరూ ఆపలేదు. ఇక లెటర్లో ఈ క్యాలెండర్ గురించి ఒక్క వాక్యం ఉంటే చాలు: ఎనిమిదో సెమిస్టర్లో ఆలస్యంగా చేరడానికి డిపార్ట్‌మెంటు ఒప్పుకుందని. అది నిజంగా ఒప్పుకున్నాకే రాయి.

అరియర్. దాచడం నీ చేతిలో లేదు, మార్కుల షీట్‌లో మొదటి ప్రయత్నం, రెండో ప్రయత్నం రెండూ కనిపిస్తాయి. కాబట్టి అసలు ప్రశ్న, లెటర్లో దాని ఊసు ఎత్తాలా వద్దా అన్నదే. వేరే సబ్జెక్టులో పడి ఉంటే ఎత్తవద్దనేవాణ్ణి, మార్కుల షీటే మాట్లాడుతుంది. నువ్వు నీళ్ల గురించి లెటర్ రాస్తున్నావు, ఫెయిలైంది హైడ్రాలిక్స్‌లో. చదివేవాడికి ఆ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. నువ్వు చెప్పకపోతే వాడే ఏదో ఒక కారణం ఊహించుకుంటాడు. రెండు వాక్యాల్లో చెప్పు: నాలుగో సెమిస్టర్లో ఫెయిలయ్యాను, ఫలానా అధ్యాయాలు అర్థం చేసుకోకుండా బట్టీ పట్టాను, నవంబరులో మళ్లీ రాసి 71 తెచ్చుకున్నాను. కారణం నీకు తెలుసు, నాకు తెలియదు. నిజమైనదే రాయి. మాస్టారు సరిగ్గా చెప్పలేదని, పేపరు కష్టంగా వచ్చిందని మాత్రం వద్దు. గుంత ప్రాజెక్టు ఆ పరీక్షకి చదువుతున్న రోజుల్లోనే నడిచింది కదా. ఒకటి రెండోదానికి సాయపడి ఉంటే ఆ మాట కలుపు, లేకపోతే కల్పించకు. ఒక హెచ్చరిక మాత్రం. అరియర్ చరిత్ర ఉంటే ఎక్స్చేంజ్‌కి పనికిరారని కొన్ని కాలేజీల్లో నియమం ఉంటుంది. మీ దగ్గర అదుందేమో రేపే కనుక్కో. ఉంటే ఎంత బాగా రాసినా లాభం లేదు, ఈ పన్నెండు రోజులూ వేరే పనికి వాడుకోవచ్చు.

ఇక సంస్కృతి పేరా. దీని గురించి నువ్వు అనవసరంగా సిగ్గుపడుతున్నావు. చెన్నైలో తెలుగువాళ్లు తెలుగువాళ్లతోనే తిరగడం కొత్త సంగతేమీ కాదు, నలభై ఏళ్ల కిందట టీనగర్ గదిలో నేనూ అంతే. లెటర్లో నేను కలుపుగోలు మనిషిని, భిన్నత్వంలో ఏకత్వం ఉన్న దేశం నుంచి వస్తున్నాను అని రాస్తే చదివేవాడు ఆ వాక్యం దాటేసి కిందికి వెళ్తాడు. సర్దుకోవడం అంటే వాళ్లు చూసేది అబ్బురపడే మనసుని కాదు. అర్థంకాని చోట నువ్వేం చేశావో చూస్తారు. వాచ్‌మన్ అన్నతో నీకు భాష లేదు. అయినా రాత్రి పూట గుంత మట్టం చూసి చెప్పేది ఆయనే అయ్యుంటాడు, తొమ్మిది గంటల కొలతకి ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా. మరి అంకెలు ఎలా అర్థమయ్యేవి? చేతి వేళ్లతోనా, గోడ మీద సుద్దతో గీతలు గీశావా, ఎన్ని రాత్రులు తప్పు లెక్క వచ్చింది? అది రాయి. రెండున్నరేళ్లు మావాళ్లతోనే గడిపానని, కొలతల కోసం మొదటిసారి ఆ వలయం దాటానని ఒప్పుకుంటూ రాస్తే, కలుపుగోలు మనిషినని చెప్పుకునే పది మంది కంటే నిన్నే నమ్ముతారు.

ఆ తర్వాత, అక్కడ నీకు నిజంగా ఇబ్బందయ్యేది ఏమిటో తెలుసని ఒక ముక్క చూపించు. చలి, తిండి, ఆదివారం దుకాణాలు మూసేయడం అందరూ రాసేవే. నీకు పెద్ద తేడా చదువులో ఎదురవుతుంది. ఇక్కడ ఇంటర్నల్ మార్కులు, అటెండెన్స్, అసైన్‌మెంటు గడువులు ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. అక్కడ చాలా కోర్సుల్లో చివర ఒక్క పరీక్ష మీదే మొత్తం మార్కు ఆధారపడుతుంది, అటెండెన్స్ ఎవరూ అడగరు. పరీక్షకి విడిగా నమోదు చేసుకోవాలి, ఆ గడువు దాటితే కోర్సంతా కూర్చుని విన్నా పరీక్ష రాయనివ్వరు. మార్కులూ తిరగబడి ఉంటాయి, 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 అంటే ఫెయిల్. ఎవరూ తరమకపోయినా చదవగలనని నువ్వు ఎలా నిరూపిస్తావు? అరియర్‌కి ఒంటరిగా కూర్చుని చదివిన నెలలున్నాయి కదా, అవే సాక్ష్యం. ఇంతవరకూ వచ్చాక చూడు, అరియర్ పేరా, సంస్కృతి పేరా ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. రెండూ కలిపేయాలనిపిస్తే కలిపెయ్యి, చోటు మిగులుతుంది.

జర్మన్ భాష గురించి ఒక మాట. మొదటి మెట్టు ఏ1 క్లాసులో చేరితే చేరానని, ఏ తేదీన మొదలుపెట్టావో రాయి. చేరకపోతే చేరతానని రాయకు. ఇంటర్వ్యూలో ఎవరైనా జర్మన్‌లో నీ పేరు అడిగి నవ్వుతారు, అప్పుడు ఇబ్బందిపడేది నువ్వే.

ముందు WiSe సంగతీ, అరియర్ నియమం సంగతీ చూసుకో, గుంత తర్వాత. నీళ్లు నింపే రోజు వాచ్‌మన్ అన్నకి ముందే చెప్పు, ఆయన రాత్రి డ్యూటీ ఏ రోజుల్లో ఉందో కనుక్కో. బావి కొలిచే తాడుకి ముడులు డిసెంబరులో వేసిన చోటే ఉన్నాయో లేదో కూడా చూసుకో.